94 దగ్గర ఆగిపోయిన తీగ

94 అనే అంకె మీద నాకు చాలా ఏళ్లుగా ఒక అనుమానం ఉంది. స్పీడ్ టెస్ట్ పెట్టగానే ముల్లు గిర్రున లేచి, 93కీ 95కీ మధ్య ఎక్కడో కుదురుకుని, ఇక కదలకుండా కూర్చుంటుంది చూడండి, అప్పుడు తిట్టాల్సింది ఇంటర్నెట్ కంపెనీని కాకపోవచ్చు. కంపెనీ వైపు రద్దీ ఉంటే స్పీడు ఊగుతుంది. పొద్దున 210, సాయంత్రం 70, అర్ధరాత్రి 260. గీత గీసినట్టు రోజూ ఒకే చోట ఆగదు. అలా ఆగిందంటే దారిలో ఎక్కడో ఒక తలుపు సగమే తెరుచుకుని ఉందని అర్థం.

ఆ తలుపు చాలాసార్లు మన ఇంట్లోనే ఉంటుంది. కంప్యూటరుకీ రౌటరుకీ మధ్య లాన్ కేబుల్ పెట్టగానే రెండు వైపులా ఉన్న పోర్టులు ఒక వేగానికి ఒప్పుకుంటాయి. మామూలు ఇళ్లలో ఉండే పోర్టులకి ఆ వేగాలు మూడే: 10, 100, 1000 మెగాబిట్లు. మధ్యలో మెట్లు లేవు. 1000 కుదరకపోతే 700కో 400కో దిగవు, నేరుగా 100కి పడిపోతాయి. ఆ వందలో కూడా ప్రతి ప్యాకెట్‌కీ ఉండే చిరునామాలకీ, ప్యాకెట్ల మధ్య వదలాల్సిన ఖాళీకీ ఐదారు పోతాయి. మన చేతికి వచ్చేది 94. అదే లింకు 1000 మీద ఉంటే ఇదే లెక్కన 940 దాకా వస్తుంది. అందుకే 300 ప్లాన్ తీసుకున్నవాడికీ, 500 ప్లాన్ తీసుకున్నవాడికీ ఈ 94 ఒకేలా కనిపిస్తుంది. నెలకి ఎంత ఎక్కువ కట్టినా అది మారదు.

మా బావ సరిగ్గా అలా ఎక్కువ కట్టబోతుండగా ఈ సంగతి నా దాకా వచ్చింది. బావ మియాపూర్‌లో ఉంటాడు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఒక్కో పెళ్లికి అటూ ఇటూగా 60 జీబీ ఫైళ్లు క్లయింటుకి అప్‌లోడ్ చేయాలి. ప్లాను అప్‌లోడ్‌కీ డౌన్‌లోడ్‌కీ 300. లెక్క ప్రకారం అరగంటలోపు అయిపోవాల్సిన పని గంటన్నర దగ్గర దాకా పట్టేది. కంపెనీకి మూడుసార్లు కంప్లయింట్ పెట్టాడు. మూడుసార్లూ ఒకే అబ్బాయి వచ్చాడు, నల్గొండ వైపు కుర్రాడు. హాల్లో రౌటర్ పక్కన నిలబడి తన ఫోన్లో వైఫై మీద టెస్ట్ పెట్టి, 280 చూపించి వెళ్లిపోయాడు. మూడోసారి బావ వదల్లేదు, బెడ్‌రూమ్‌లోకి తీసుకెళ్లి డెస్క్‌టాప్ మీద 94 చూపించాడు.

"మా లైన్ల ప్రాబ్లెం లేదు సార్. గోడల వైరు మేం ఏసింది కాదు, మీ బిల్డర్ ఏపిచ్చిండు" అన్నాడట ఆ అబ్బాయి.

బావకి అది తప్పించుకునే మాటలా వినిపించింది. కంప్లయింట్ మూసినట్టు మెసేజ్ రాగానే ఒక్క స్టార్ ఇచ్చాడు. తర్వాత నాకు ఫోన్ చేసి, "500 ప్లాన్‌కి మారిపోతున్నా రా, కనీసం 200 అయినా వస్తుంది కదా" అన్నాడు. నా ఉద్యోగం నెట్‌వర్కుల మీదే కాబట్టి అడిగాడు. ఆదివారం దాకా ఆగమన్నాను.

నిజానికి కేసు సగం ఆ అబ్బాయే తేల్చేశాడు. హాల్లో వైఫైకి 280 వస్తోందంటే బయటి నుంచి వచ్చే ఫైబరూ, దాన్ని అందుకునే ఓఎన్‌టీ పెట్టే, అక్కడి నుంచి రౌటర్‌కి వెళ్లే చిన్న కేబులూ మూడూ బాగున్నట్టే. వాటిలో ఏది 100 దగ్గర ఆగినా వైఫై కూడా 94 దాటదు. వైఫై కంటే తీగ నెమ్మదిగా ఉందంటే తప్పు రౌటరుకి ఇవతల, ఆ తీగ దారిలోనే ఉంది. మీ ఇంట్లో వైఫైకీ తీగకీ రెండింటికీ 94 వస్తే మాత్రం ముందు చూడాల్సింది ఓఎన్‌టీకీ రౌటర్‌కీ మధ్య ఉన్న ఆ జానెడు కేబుల్‌ని.

ఇక్కడి నుంచి స్పీడ్ టెస్ట్‌తో పని లేదు. చూడాల్సింది లింకు ఏ వేగానికి ఒప్పుకుందన్నది. విండోస్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి నెట్‌వర్క్, అందులో ఈథర్నెట్ తెరిస్తే `Link speed` అని ఒక వరుస ఉంటుంది. బావ డెస్క్‌టాప్‌లో అక్కడ `100/100 (Mbps)` అని ఉంది. పవర్‌షెల్ అలవాటు ఉన్నవాళ్లకి ఒక్క లైను చాలు:

```
Get-NetAdapter | Select-Object Name, LinkSpeed
```

అక్కడ 100 కనబడగానే గోడ వైపు చూడకూడదు. ముందు రెండు చిన్న అనుమానాలు తీర్చుకోవాలి. ఒకటి, రెండు పోర్టులూ అసలు 1000కి తయారైనవేనా అన్నది. తక్కువ ధర రౌటర్లలో వైఫై ఎంత గొప్పదైనా లాన్ పోర్టులు 100వే ఉండటం మామూలే, డబ్బా మీద `10/100` అని ఉంటే అదే సంగతి. అప్పుడు చెడిపోయిందేమీ లేదు, అది పుట్టుకతోనే అంత. రెండోది, ఎవరైనా అడాప్టర్ ప్రాపర్టీస్‌లో `Speed & Duplex` దగ్గర 100 అని ఖాయం చేసి పెట్టారా అన్నది. అక్కడ `Auto Negotiation` ఉండాలి. బావ ఇంట్లో రెండూ సరిగ్గానే ఉన్నాయి.

ఇక మిగిలినవి నాలుగు: రౌటర్ పోర్టు, గోడలో తీగ, గోడ సాకెట్ నుంచి డెస్క్‌టాప్ దాకా ఉన్న కేబుల్, డెస్క్‌టాప్ పోర్టు. ఇలాంటప్పుడు అన్నీ ఒకేసారి మార్చేస్తే సమస్య పోతుందేమో గానీ ఎక్కడుందో తెలియదు. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. నేను నా ల్యాప్‌టాప్, నమ్మకమైన ఒక మీటరు క్యాట్ 6 కేబుల్ పట్టుకెళ్లాను. బెడ్‌రూమ్ తీగ రౌటర్‌లో ఏ పోర్టులో ఉందో చూసి, దాన్ని తీసి, అదే పోర్టులో నా కేబుల్ పెట్టాను. ల్యాప్‌టాప్ 1000 చూపించింది. రౌటర్ పోర్టు నిర్దోషి. బెడ్‌రూమ్ తీగని మళ్లీ అదే పోర్టులో పెట్టి, లోపలికెళ్లి అదే ల్యాప్‌టాప్‌ని అదే కేబుల్‌తో గోడ సాకెట్‌కి తగిలించాను. 100. డెస్క్‌టాప్ పోర్టు, దాని కేబుల్ ఇప్పుడు దారిలోనే లేవు. హాల్లో 1000, ఇక్కడ 100, రెండు చోట్లకీ తేడా గోడ లోపల ఉన్నదొక్కటే. నల్గొండ కుర్రాడు చెప్పింది నిజమే.

నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంటుంది. అందులో ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. `sudo ethtool enp3s0` అని కొడితే (ఆ చివరి పేరు మీ మెషీన్‌లో వేరే ఉండొచ్చు) వచ్చే దాంట్లో నాకు కావలసినవి ఈ రెండే:

```
Link partner advertised link modes:  ... 1000baseT/Full
Speed: 100Mb/s
```

మొదటి వరుస అవతలి వైపు, అంటే రౌటర్, ఇచ్చిన మాట: నేను 1000 చేయగలను అని. రెండోది జరిగింది. మాటకీ చేతకీ మధ్య ఇంత దూరం ఉంటే కారణం మధ్యలో ఉన్న తీగే. కొత్త కర్నెల్‌లలో `dmesg`లో ఇంకా సూటిగానే కనిపిస్తుంది:

```
Downshift occurred from negotiated speed 1Gbps
to actual speed 100Mbps, check cabling!
```

అవతలి వైపు 100 వరకే ప్రకటిస్తే మాత్రం వెంటనే పోర్టు చిన్నదని తీర్పు ఇవ్వకండి. వేగం తగ్గించుకున్నది అవతలి పోర్టు అయితే అది 1000 అన్న మాటని జాబితాలోంచి తీసేసి మళ్లీ మాట్లాడి ఉండొచ్చు. అప్పుడు మంచి కేబుల్‌తో నేరుగా కలిపి చూడటమొక్కటే దారి.

ఇంతకీ తీగ చెడిపోతే లింకు పూర్తిగా పోవాలి కదా, సగం ఎందుకు పనిచేస్తుంది? ఈ సబ్జెక్టులో నాకు బాగా నచ్చే చోటు ఇదే. లాన్ కేబుల్ తొక్క తీస్తే లోపల ఎనిమిది సన్నని తీగలు, రెండేసి చొప్పున పురి పెట్టిన నాలుగు జతలు ఉంటాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ. ప్రతి జతలో ఒకటి నిండు రంగు, ఇంకోటి అదే రంగు చారతో తెల్లది. 1995లో వచ్చిన 100 మెగాబిట్ పద్ధతికి వీటిలో రెండు జతలు చాలు. మన దగ్గర మామూలుగా వాడే రంగుల వరుసలో అవి నారింజ, ఆకుపచ్చ. ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. నీలం, గోధుమ ఊరికే పడి ఉంటాయి. 1999లో వచ్చిన గిగాబిట్ పద్ధతి నాలుగు జతలనీ వాడుతుంది. ఒక్కో జత మీద 250 మెగాబిట్లు, అదీ రెండు వైపులా ఒకేసారి.

చిక్కు ఎక్కడంటే, ఏ వేగంతో నడుద్దామన్న తొలి సంభాషణ ఇప్పటికీ ఆ పాత రెండు జతల మీదే జరుగుతుంది. గోధుమ జతలో ఒక తీగ తెగిందనుకోండి. నారింజ, ఆకుపచ్చ బాగానే ఉన్నాయి కాబట్టి ఇద్దరూ హాయిగా మాట్లాడుకుని 1000కి ఒప్పేసుకుంటారు. తీరా నాలుగు జతల మీద నడక మొదలుపెడితే ఒకటి పలకదు. మళ్లీ ప్రయత్నిస్తారు. కొన్నిసార్లు విఫలమయ్యాక, చాలా పోర్టుల చిప్పులు 1000 మాట ఎత్తకుండా 100కి దిగిపోతాయి. దీన్నే డౌన్‌షిఫ్ట్ అంటారు. ఈ సర్దుబాటు తెలియని చిప్పులైతే లింకు రాదు, లేదా వస్తూ పోతూ ఉంటుంది.

ఆ రెండో రకం మనకి చిరాకు తెప్పిస్తుంది గానీ సాయంత్రానికల్లా ఎవర్నో పిలిపిస్తాం. సర్దుకుపోయేదే ప్రమాదం. లైటు వెలుగుతుంది, పేజీలు తెరుచుకుంటాయి, సినిమా ఆగకుండా నడుస్తుంది. ఎక్కడా ఎర్ర గుర్తు ఉండదు. బావ ఇంట్లో ఆ తీగ రెండేళ్లుగా అలాగే సర్దుకుపోతోంది, ఇంటిల్లిపాదీ దాని ఫలితాన్ని ఇంటర్నెట్ కంపెనీ ఖాతాలో రాస్తున్నారు.

ఇందులో మనకి పనికొచ్చే విషయం ఇంకోటి ఉంది. నారింజ, ఆకుపచ్చ జతల్లో తెగితే తొలి సంభాషణే జరగదు, లింకు ఉండదు. లింకు ఉండి, 100 దగ్గర గట్టిగా నిలబడిందంటే అనుమానం మొదట నీలం మీదికీ గోధుమ మీదికీ వెళ్లాలి. ఎనిమిదిలో నాలుగు తీగల్ని ఇంట్లోంచి కదలకుండానే కొట్టేయొచ్చు.

మిగిలింది ఆ నాలుగిట్లో ఏదో చూడటం. దీనికి కేబుల్ టెస్టర్ అని చిన్న పరికరం ఉంటుంది, కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. రెండు ముక్కలు. పెద్దది ఒక కొసన, చిన్నది ఇంకో కొసన. ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలుగుతాయి. ముందుగా కేబుల్‌ని రెండు వైపులా పరికరాల నుంచి తీసేయాలి. పెద్ద ముక్క నా చేతిలో హాల్లో, చిన్నది అక్క చేతిలో బెడ్‌రూమ్‌లో.

"చదువు అక్కా."

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు... ఎనిమిది."

"ఏడు?"

"ఏడు లేదురా. మళ్లీ చూస్తానుండు. ఒకటి, రెండు... ఆరు, ఎనిమిది. ఏడు వెలగట్లేదు."

ఏడు అంటే గోధుమ జతలోని తెల్ల తీగ. ఎక్కడో తెగింది లేదా తగలట్లేదు. ఆ మాట వినగానే బావ మొహం మాడిపోయింది. గోడ పగలగొట్టాలేమో, పెయింట్ మళ్లీ వేయించాలేమోనని ఆయన భయం. కానీ పైపులో కదలకుండా పడి ఉన్న రాగి తీగ నడిమధ్యలో ఊరికే తెగదు. ఎలుక కొరికితేనో, ఎవరైనా మేకు దించితేనో తప్ప. మనుషుల చేతులు తగిలేది రెండు కొసల్లోనే, చెడేదీ ఎక్కువగా అక్కడే. అందుకే గోడకంటే ముందు సాకెట్ విప్పాలి.

బెడ్‌రూమ్ సాకెట్ ప్లేటు రెండు మరలు తీసి ముందుకు లాగాను. వెనక ఉన్న జాక్‌లో ఎనిమిది గాళ్లు, ప్రతి గాడి పక్కనా ఏ రంగు తీగ కూర్చోవాలో ముద్ర వేసి ఉంటుంది. గాడి లోపల రెండు చిన్న బ్లేడ్లు ఉంటాయి. తీగని పంచింగ్ టూల్‌తో గట్టిగా దిగ్గొడితే ఆ బ్లేడ్లు పైతొక్కని చీల్చి రాగిని పట్టుకుంటాయి. ఏడుగురు లోపలికి దిగి ఉన్నారు. తెల్ల గోధుమ తీగ మాత్రం గాడి అంచు మీద పైపైన కూర్చుని ఉంది. తొక్క మీద బ్లేడు గాటు కూడా సరిగ్గా పడలేదు. బిల్డింగ్ కట్టిన రోజు ఎవరో ఏడుసార్లు కొట్టి, ఎనిమిదోది వేలితో నొక్కి ప్లేటు బిగించేశారు.

కొస ఒక అంగుళం కత్తిరించి, గోధుమ జతని కొత్తగా పెట్టాను. ఇక్కడ ఒక్క జాగ్రత్త. దిగ్గొట్టడానికి సులువుగా ఉంటుందని జతల పురిని పొడుగ్గా విప్పేయకూడదు, అర అంగుళం దాటకూడదు. పక్క జత చేసే రొద ఈ జతకి తగలకుండా కాపాడేది ఆ పురే. టూల్‌తో రెండు దెబ్బలు. అక్క మళ్లీ చదివింది, ఈసారి ఎనిమిదీ వరసగా. ప్లేటు బిగించి డెస్క్‌టాప్ తగిలిస్తే `1000/1000 (Mbps)`. స్పీడ్ టెస్ట్‌లో 287. బావ ఆ సాయంత్రమే ఒక పెళ్లి అప్‌లోడ్ పెట్టాడు, 28 నిమిషాల్లో పోయింది. 500 ప్లాన్ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఒక్క స్టార్ వెనక్కి తీసుకునే వీలు ఆ యాప్‌లో లేదు. అక్క పోరు పడలేక కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఆ అబ్బాయి చెప్పిందే నిజమని రికార్డు చేయించాడు.

ప్రతి ఇంట్లోనూ కథ ఇంత తేలిగ్గా తేలదు. ఆ టెస్టర్ చెప్పేది తీగ ఇటు నుంచి అటు కలిసి ఉందా, వరుస సరిగ్గా ఉందా అన్నంత వరకే. జతలు తారుమారుగా కలిపి, నంబర్లు మాత్రం సరిపోయేలా పెట్టినా ఎనిమిది లైట్లూ వెలుగుతాయి, గిగాబిట్ మాత్రం నిలబడదు. కాబట్టి లైట్లు వెలిగాయని వదిలేయకుండా రంగుల వరుస రెండు కొసల్లోనూ కంటితో చూడాలి. కొన్ని పాత అపార్టుమెంట్లలో కొసన నాలుగు తీగలే కనిపిస్తాయి, మిగతా నాలుగు వెనక్కి మడిచి ఉంటాయి. 100 చాలనుకున్న రోజుల్లో అలా బిగించేవాళ్లు. ఆ నాలుగు తీగలూ లోపల ఇంకా బాగానే ఉంటే, రెండు కొసలూ మళ్లీ బిగిస్తే చాలు, కొత్త కేబుల్ లాగక్కర్లేదు.

తప్పు పోర్టుదైతే గుర్తు వేరుగా ఉంటుంది. అదే మంచి కేబుల్ రౌటర్ మూడో పోర్టులో 1000, రెండో పోర్టులో 100 చూపిస్తుంది. టార్చి వేసి లోపలికి చూడండి. ఎనిమిది బంగారు రంగు పిన్నులు దువ్వెన పళ్లలా ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి కిందికి అణిగిపోయినా, చిలుము పట్టి ఆకుపచ్చగా మారినా దొంగ దొరికినట్టే. అణిగిన పిన్నుని పిన్నీసుతో లేపే సాహసం చేయకుండా ఆ పోర్టు వదిలేసి పక్కది వాడుకోవడమే మంచిది.

బాగు చేశాక చూడాల్సింది కూడా స్పీడ్ టెస్ట్ కాదు, అందులో బయటి ప్రపంచం అంతా కలిసి ఉంటుంది. ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉంటే ఐపెర్ఫ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వాటి మధ్యే కొలవొచ్చు. ఒకదాంట్లో `iperf3 -s`, రెండోదాంట్లో `iperf3 -c` తర్వాత మొదటిదాని ఐపీ అడ్రస్. రెండూ తీగ మీదే ఉంటే 940 దరిదాపుల్లో రావాలి. లింకు 1000 అని చెబుతూ ఇక్కడ 400, 600 అని ఊగుతుంటే కొసల్ని ఇంకోసారి విప్పి చూడాలి.

చివరిగా ఒక సంగతి. ఒకసారి 100కి దిగిన లింకు, తీగ బాగుపడినా సాధారణంగా తనంతట తాను పైకి ఎక్కదు. వేగం గురించిన సంభాషణ లింకు మొదలైనప్పుడే జరుగుతుంది, మధ్యలో మళ్లీ అడగరు. కేబుల్ తీసి, ఐదు అంకెలు లెక్కపెట్టి, మళ్లీ పెట్టండి. అప్పుడే రెండు పోర్టులూ కొత్తగా మాట్లాడుకుంటాయి.